పెంటా వేయించిన రాత్రి జ్వరం వచ్చింది, పదో వారం సూది ఆపాలా?

ప్రశ్న: మాది ఉప్పల్. పాపకి ఆరో వారం సూదులు అర్బన్ హెల్త్ సెంటర్‌లో వేయించాం. ఆ రాత్రి 101 జ్వరం వచ్చింది, గంటన్నర ఆపకుండా ఏడ్చింది, ఎడమ తొడ ఎర్రగా వాచింది. వాపు పోయింది గానీ లోపల చిన్న గడ్డలా ఇంకా చేతికి తగులుతోంది. వచ్చే బుధవారం పదో వారం సూదులు. మా అత్తమ్మ, పాప కాస్త గట్టిపడ్డాక ఆరో నెలలో వేయిద్దాం అంటున్నారు. ఇంత చిన్నదానికి ఒకేసారి ఇన్ని మందులంటే నాకూ భయంగా ఉంది. ఆపితే ఏమవుతుంది?

సమాధానం:

ఆపకండమ్మా. బుధవారమే వేయించండి. మీరు రాసిన జ్వరం గానీ, ఆ ఏడుపు గానీ, తొడలో మిగిలిన గడ్డ గానీ రెండో డోసు ఆపడానికి కారణం కాదు.

నేను పిల్లల డాక్టర్ని. మొదట ప్రభుత్వ ఆసుపత్రిలో చేశాను, ఇప్పుడు మల్కాజిగిరి వైపు క్లినిక్ నడుపుతున్నాను. ఆరో వారం సూదులు పడిన మర్నాడు పొద్దున తల్లుల నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇవే మాటలు. అయినా ప్రతి ఫోన్‌లోనూ కొన్ని ప్రశ్నలు తప్పకుండా అడుగుతాను. మీరూ వాటికి జవాబు చూసుకోండి. ఆ రాత్రి గానీ తర్వాతి వారంలో గానీ పాపకి ఫిట్స్ వచ్చాయా? ఒక్కసారిగా పాలిపోయి, గుడ్డపేలికలా వేలాడిపోయి, పిలిచినా పలకని స్థితికి వెళ్లిందా? మూడు గంటలకు మించి ఏమాత్రం ఊరుకోకుండా ఏడ్చిందా? సూది పడిన కొద్ది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చాయా? వీటిలో ఏదైనా జరిగి ఉంటే నా సమాధానం మారుతుంది, దాని గురించి కింద రాస్తాను. మీ ప్రశ్నలో అలాంటిదేమీ లేదు కాబట్టి ధైర్యంగా వేయించమంటున్నాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి, ఇది వింటే మీ భయం సగం తగ్గుతుంది. ఆరో వారంలో పాపకి మూడు చోట్ల సూది పడి ఉంటుంది: ఎడమ తొడకి పెంటావాలెంట్, కుడి తొడకి న్యుమోనియా టీకా అయిన పీసీవీ, కుడి భుజం మీద చర్మంలోకి కొద్దిగా పోలియో సూది. నోట్లో పోలియో చుక్కలు, రోటా మందు అదనం. సర్కారు షెడ్యూల్‌లో పదో వారం ఒక్క సూదే ఉంటుంది. ఎడమ తొడకి పెంటా రెండో డోసు, నోట్లో పోలియో, రోటా, అంతే. మళ్లీ మూడు సూదులు పద్నాలుగో వారంలోనే. ప్రైవేటు ఆసుపత్రుల పట్టిక కొంచెం వేరు, అక్కడ పదో వారంలో కూడా రెండు సూదులు పడతాయి. మీ కార్డు సర్కారుదే కాబట్టి దాని ప్రకారమే చెబుతున్నాను.

ఎడమ తొడే ఎందుకు వాచిందో కూడా ఇప్పుడు తేలిపోయింది కదా. అది పెంటా పడిన చోటు. పెంటాలో ఐదు జబ్బుల టీకాలు ఉంటాయి: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి కామెర్లు, మెదడు జ్వరానికీ న్యుమోనియాకీ కారణమయ్యే హిబ్. ఈ ఐదింట్లో జ్వరం తెప్పించేది ముఖ్యంగా కోరింత దగ్గు భాగం. సర్కారు పెంటాలో ఆ క్రిమిని చంపి మొత్తంగా వాడతారు. క్రిమి చచ్చిపోయినా దాని పై పొరలోని పదార్థాలు ఉంటాయి. వాటిని చూడగానే ఒంట్లోని రక్షణ కణాలు ఉలిక్కిపడి జ్వరం పుట్టించే రసాయనాలు వదులుతాయి. అందుకే ఈ టీకా పడిన పిల్లల్లో సుమారు సగం మందికి ఎంతో కొంత జ్వరం, నొప్పి, వాపు ఉంటాయి. సూది పడిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలై, ఆ రాత్రికి ఎక్కువై, ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా పోతుంది. మీ పాపకి జరిగింది అచ్చంగా ఇదే.

గడ్డ సంగతి వేరు. టీకా మందు ఒంట్లో ఒకేసారి కరిగిపోకుండా, నెమ్మదిగా పనిచేసేలా అందులో అల్యూమినియం లవణం కొద్దిగా కలుపుతారు. కండరంలో ఆ చోట బఠాణీ గింజంత గట్టిదనం కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు ఉండిపోతుంది. నొప్పి లేకుండా, అదే సైజులో ఉన్నా, చిన్నదవుతున్నా దాన్ని వదిలేయండి. మర్దన చేయొద్దు, వేడి కాపడం పెట్టొద్దు, పసుపో, కర్పూరం నూనో రాయొద్దు. రోజురోజుకీ పెరుగుతూ, పైన చర్మం ఎర్రబడి, వేడిగా, నొక్కితే మెత్తగా చీము ఆడుతున్నట్టు ఉంటే మాత్రం అది చీముగడ్డ, డాక్టర్‌కి చూపించాలి. బుధవారం ఏఎన్‌ఎం సూది పట్టుకునే ముందే ఆ గడ్డ ఎక్కడుందో వేలితో చూపించండి. దానికి కాస్త దూరంగా అదే తొడకి వేస్తారు.

ఆరో నెల దాకా ఆగితే ఏమిటి?

మీ అత్తమ్మ గారి మాటని కొట్టిపారేయను. దానిలో ఒక నిజం ఉంది. పిల్లలు కాస్త పెద్దయ్యాక టీకా వేస్తే, డోసుకీ డోసుకీ మధ్య ఎక్కువ గ్యాప్ ఇస్తే, రక్తంలో రక్షణ కణాలూ యాంటీబాడీలూ ఇంకా బాగా తయారవుతాయి. అందుకే కొన్ని దేశాల్లో 2, 4, 6 నెలలకు వేస్తారు. మన దేశంలో 6, 10, 14 వారాలు పెట్టడానికి కారణం, ఇక్కడ ఈ జబ్బులు అంతదాకా ఆగవు. మూడు డోసులూ మూడున్నర నెలలకే పూర్తవ్వాలని అలా కుదించారు. అలా కుదించడం వల్ల తగ్గే బలాన్ని ఏడాదిన్నర దగ్గర, 16 నుంచి 24 నెలల మధ్య వేసే డీపీటీ బూస్టర్‌తో పూరిస్తారు. టీకా ఎప్పుడు వేయాలన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: బిడ్డ ఒళ్లు టీకాకి ఎప్పుడు బాగా స్పందిస్తుంది, ఆ జబ్బు బిడ్డని ఎప్పుడు ఎక్కువ దెబ్బతీస్తుంది. రెండోది ముంచుకొస్తుంటే మొదటిదాని కోసం ఆగలేం.

హెపటైటిస్-బి టీకా పుట్టిన 24 గంటల్లోపు వేయమనడం కూడా ఇందుకే. ఆ వైరస్ తల్లి నుంచి కాన్పు సమయంలోనే అంటుకుంటుంది, నెల తర్వాత వేస్తే ఆ అవకాశం చేజారిపోతుంది. తట్టు టీకాకి దీనికి పూర్తిగా ఎదురు లెక్క. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ రక్తంలో ఉన్నంతకాలం అవి బిడ్డని కాపాడతాయి, అదే సమయంలో టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ని కూడా చంపేస్తాయి. అందుకని అవి బాగా తగ్గేదాకా ఆగి తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్ వేస్తాం. ఆగాల్సిన చోట షెడ్యూలే ఆగుతుంది.

ఇప్పుడు కోరింత దగ్గు దగ్గరికి వద్దాం, మీ విషయంలో అసలు సంగతి ఇదే. మీరు కడుపుతో ఉన్నప్పుడు సర్కారు కేంద్రంలో మీకు వేసిన సూది టీడీ. అందులో ధనుర్వాతం, కంఠసర్పి భాగాలు ఉంటాయి, కోరింత దగ్గు ఉండదు. కాబట్టి ఆ దగ్గు నుంచి పాపని కాపాడే శక్తి మీ నుంచి పాపకి దాదాపు రాలేదనే అనుకోవాలి. ప్రైవేటులో కొందరికి గర్భం చివరి మూడు నెలల్లో టీడ్యాప్ అనే టీకా వేస్తారు, అది వేయించుకుని ఉంటే కొంత రక్షణ ఉంటుంది. లేకపోతే పాపకి దొరికే రక్షణ తన సొంత డోసులతోనే. ఒక్క డోసుతో వచ్చేది సగం రక్షణే, రెండో డోసుతో అది బాగా పెరుగుతుంది, మూడోదానితో నిలదొక్కుకుంటుంది. కోరింత దగ్గుతో చనిపోయే పిల్లల్లో ఎక్కువమంది పుట్టిన మొదటి కొద్ది నెలల్లోని వాళ్లే. ఆరో నెల దాకా ఆగడమంటే ప్రమాదం ఎక్కువగా ఉండే ఆ నెలలన్నీ ఒక్క డోసుతో గడిపేయడం.

నేను చూసిన ఒక బాబు సంగతి చెబుతాను. మూడు నెలల వయసు. ఆరో వారం సూదులు వేయించలేదు. పెద్దబాబుకి అప్పట్లో సూది పడ్డాక బాగా జ్వరం వచ్చిందని, చిన్నవాడికి కాస్త ఒళ్లు వచ్చాక వేయిద్దామని ఇంట్లో ఆగారు. ఇంట్లో నానమ్మకి మూడు వారాలుగా దగ్గు. పగలు ఏమీ ఉండదు, రాత్రి తెరలు తెరలుగా వస్తుంది, దగ్గీ దగ్గీ వాంతి అవుతుంది. అంత పెద్దవాళ్లకి అది మామూలు దగ్గే అనుకున్నారు. బాబుని నా దగ్గరికి తెచ్చినప్పుడు జ్వరం లేదు, గుండెల్లో స్టెతస్కోప్ పెడితే శుభ్రంగా ఉంది, ముక్కు కాస్త కారుతోంది. "దగ్గినప్పుడు ముఖం ఎర్రబడి, తర్వాత నీలంగా అవుతోంది సార్" అని తల్లి చెప్పింది. అలా చెబుతుండగానే తెర వచ్చింది. దగ్గు, దగ్గు, దగ్గు, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేదు. తర్వాత దగ్గు ఆగింది, ఊపిరీ ఆగింది. పెదాలు నల్లబడ్డాయి. వీపు మీద రుద్ది, ఆక్సిజన్ పెట్టాక కొన్ని క్షణాలకి ఊపిరి తీసుకున్నాడు.

దగ్గు తెర చివర గాలి లాగినప్పుడు వస్తుందని పుస్తకాల్లో చెప్పే "హూప్" శబ్దం ఇంత చిన్నపిల్లల్లో రాదు, అంత గట్టిగా గాలి లాగే బలం వాళ్లకి ఉండదు. ఊపిరి ఆగిపోవడమే వాళ్లలో గుర్తు. రక్తపరీక్షలో తెల్లకణాలు విపరీతంగా, అందులోనూ లింఫోసైట్లు ఎక్కువగా ఉన్నాయి, అది ఈ జబ్బుకి గుర్తు. అజిత్రోమైసిన్ మొదలుపెట్టి పిల్లల ఐసీయూకి పంపాను. ఆ మందు వేరేవాళ్లకి అంటకుండా చేస్తుంది గానీ, దగ్గు ముదిరాక తెరల్ని ఆపలేదు. అవి వాటంతట అవే తగ్గాలి. అన్ని రోజులూ ఎవరో ఒకరు ఆ మంచం పక్కన కాపలా కూర్చోవాలి. బాబు బతికాడు, బాగున్నాడు. మీ పాపకి వచ్చిన ఒక్క రాత్రి జ్వరానికీ దీనికీ మధ్య ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుందని ఇంత వివరంగా రాశాను.

కంఠసర్పి కూడా హైదరాబాద్‌కి పాత కథ కాదు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో, మన పెద్దవాళ్లు కోరంటి దవాఖానా అంటారే, అక్కడ ఈ కేసులు చూస్తూ వచ్చారు. టీకాలు సగంలో ఆపేసిన పిల్లలు, బూస్టర్లు మరిచిపోయిన పిల్లలు ఎక్కువగా దాని బారిన పడతారు.

"మా రోజుల్లో ఇన్ని సూదులు లేవు" అని అత్తమ్మ గారు అంటే, ఒక మాట చెప్పండి. మీవారు చిన్నప్పుడు సర్కారు కార్యక్రమం కింద టీకాలు వేయించుకుని ఉంటే, ఇదే వయసులో డీపీటీ అనే సూది పడి ఉంటుంది. అందులో ఉన్నదీ ఈ కోరింత దగ్గు భాగమే. అప్పుడూ జ్వరం వచ్చేది. ఆ డీపీటీకి హెపటైటిస్-బి, హిబ్ కలిపి ఇప్పుడు ఒకే సూదిలో వేస్తున్నారు. గుచ్చడాలు పెరగకుండా జబ్బులు మాత్రం ఎక్కువ కవర్ అవుతున్నాయి.

"ఇన్ని మందులు ఒకేసారి తట్టుకోగలదా?"

ఈ భయం నిజమైనది, దీనికి తాపీగా జవాబు చెప్పాలి. పాప పుట్టిన రోజు నుంచి నోట్లో, ముక్కులో, పేగుల్లో, చర్మం మీద లెక్కలేనన్ని సూక్ష్మజీవులు చేరాయి. వాటన్నిటితో తన ఒళ్లు రోజూ వ్యవహరిస్తూనే ఉంది. టీకాలో ఉన్నవి వాటితో పోలిస్తే కొన్నే, అవి కూడా చంపినవో, ముక్కలో, బాగా బలహీనపరిచినవో. ఒకేసారి వేస్తే ఒకదాని పని ఇంకొకటి చెడగొట్టకుండా ఉంటుందని చూశాకే వాటిని ఒకే రోజు పెడతారు. విడదీసి వారానికొకటి వేయించినా జ్వరం వచ్చే అవకాశం పెద్దగా తగ్గదు. జ్వరం తెచ్చేది ముఖ్యంగా పెంటా, అది ఏ రోజు వేసినా తెస్తుంది. పైగా పాపని ఇంకొన్ని సార్లు ఏడిపించినట్టవుతుంది.

మరి ప్రైవేటులో దొరికే "పెయిన్‌లెస్" టీకా వేయిద్దామా అని తర్వాతి ప్రశ్న వస్తుంది, అందుకే ఇక్కడే రాసేస్తున్నాను. అందులో కోరింత దగ్గు క్రిమిని మొత్తంగా కాక, శుద్ధి చేసిన కొన్ని ముక్కలు మాత్రమే వాడతారు. సూది గుచ్చిన నొప్పి దానికీ ఉంటుంది, తర్వాత వచ్చే జ్వరం, వాపు మాత్రం తక్కువ. దాని రక్షణ కాస్త త్వరగా తరిగిపోతుంది. అమెరికాలో 1990ల్లో అందరూ దీనికే మారారు. 2010లో కాలిఫోర్నియాలో కోరింత దగ్గు పెద్దఎత్తున వచ్చి 9,000కి పైగా కేసులు నమోదయ్యాయి, పది మంది పసిపిల్లలు పోయారు. పెద్ద పిల్లల్లో రక్షణ తరిగిపోవడం దానికి ఒక ముఖ్య కారణంగా తేలింది. అందుకే మొదటి మూడు డోసులకి నేను పాత రకాన్నే మేలంటాను. ముందు డోసుకి తీవ్రమైన రియాక్షన్ వచ్చిన పిల్లలకి నేను ఆ రెండో రకం వాడతాను. మీ పాపకి అవసరం లేదు. ఇంట్లో ఎవరూ ఒప్పుకోక, ఇదైతేనే వేయిస్తాం అంటే మాత్రం, ఏదీ వేయించకపోవడం కన్నా అది వేయించడం ఎంతో నయం.

ఆ రాత్రి ఏం చేయాలి

పాప బరువు పదో వారానికి 4.8 కిలోలు అనుకుందాం. మీరు బుధవారం తూకం వేయించి ఆ అంకె కార్డులో రాయించుకోండి, మందు లెక్క దాని మీదే.

ఇంటికి రాగానే ముందు జాగ్రత్తగా పారాసెటమాల్ వేయొద్దు. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, జ్వరం రాకముందే వరసగా వేసిన పిల్లల్లో టీకాకి యాంటీబాడీలు కొంత తగ్గినట్టు కనిపించింది. జ్వరం 100.4 దాటి పాప చిరాగ్గా ఉంటే, లేదా తొడ నొప్పితో ఏడుస్తుంటే అప్పుడు వేయండి. ఒక డోసు కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. అంటే 4.8 కిలోల పాపకి 48 నుంచి 72 మి.గ్రా. 60 మి.గ్రా. తీసుకుందాం. మళ్లీ కావాలంటే ఆరు గంటలు ఆగాలి, రోజులో నాలుగు సార్లకి మించకూడదు. పాప ఇంకా మూడు నెలల లోపే కాబట్టి, ఈ డోసుని బుధవారం మెడికల్ ఆఫీసర్‌తో కార్డు మీద రాయించుకోవడం మంచిది.

ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. మెడికల్ షాపులో పారాసెటమాల్ రెండు రకాల సీసాల్లో ఉంటుంది. డ్రాప్స్ సీసాలో సాధారణంగా ఒక్క మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కి 125, లేదా 5 మి.లీ.కి 250 ఉంటుంది. మన 60 మి.గ్రా. అంటే డ్రాప్స్‌లో 0.6 మి.లీ., 125 సిరప్‌లో సుమారు 2.4 మి.లీ. ఒకసారి ఒక తండ్రి రాత్రి ఫోన్ చేశాడు. పక్కింటి ఆవిడ తమ బిడ్డకి రెండున్నర మి.లీ. వేశామని చెప్పిందట, అంతే వేస్తున్నానన్నాడు. చేతిలో ఉన్న సీసా మీద ఏం రాసుందో చదవమన్నాను. డ్రాప్స్. ఆయన వేయబోయింది 250 మి.గ్రా., కావాల్సినదానికి నాలుగింతలు. ఆరు గంటలకోసారి అలాగే రెండు రోజులు వేసి ఉంటే కాలేయం దెబ్బతినేది. మందు షాపులో అడగడం కన్నా సీసా మీద మి.లీ.కి ఎంత అన్నది మీరే చదివి, సీసాతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలవండి. చెంచాతో వద్దు. ఐబుప్రోఫెన్ కలిసిన సిరప్‌లు ఆరు నెలల లోపు పిల్లలకి వేయకండి.

తొడ మీద చల్లని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ పది నిమిషాలు పెట్టండి. ఐసు నేరుగా వద్దు. టోపీ, స్వెటర్, దుప్పటి తీసేసి పల్చటి బట్ట వేయండి, జ్వరంతో ఉన్న పసిదాన్ని చుట్టిపెడితే వేడి ఇంకా పెరుగుతుంది. పాలు మామూలుగా ఇవ్వండి. నిజానికి సూది వేసేటప్పుడే ఒడిలో పెట్టుకుని పాలిస్తుంటే నొప్పి చాలా తగ్గుతుంది, ఏఎన్‌ఎంని అడగండి, కాదనరు. రోటా మందు తర్వాత పాలు ఆపాల్సిన పనీ లేదు. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోండి. తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసుల్లో ఒకదానికి వచ్చేంత అరుదు, కానీ వస్తే నిమిషాల్లోనే వస్తుంది, దానికి వేసే అడ్రినలిన్ అక్కడే ఉంటుంది.

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో కూడా తెలిసి ఉండాలి. మామూలుగా అయితే మూడు నెలల లోపు పిల్లకి 100.4 జ్వరం వస్తేనే చూపించమంటాం. టీకా పడిన మొదటి రెండు రోజుల్లో, పాలు తాగుతూ, మధ్యమధ్యలో కళ్లు విప్పి చూస్తూ, తడి నాప్కిన్‌లు మామూలుగా అవుతుంటే ఇంట్లో చూసుకోవచ్చు. జ్వరం 102 దాటినా, 48 గంటలు దాటినా తగ్గకపోయినా, లేక మూడో రోజు కొత్తగా మొదలైనా, అది టీకా జ్వరమే అని సరిపెట్టుకోవద్దు. పసిపిల్లల్లో టీకా జ్వరం అనుకుని మూత్రంలో ఇన్ఫెక్షన్‌నో, రక్తంలో ఇన్ఫెక్షన్‌నో వదిలేసిన కేసులు నా దగ్గరికి వచ్చాయి. పాలు పూర్తిగా మానేసినా, మగతగా పడి ఉన్నా, ఆగకుండా వాంతులైనా, మలంలో రక్తం పడినా వేళ చూడకుండా వెళ్లండి.

పైన చెప్పిన ఫిట్స్, పాలిపోయి వేలాడటం, మూడు గంటలు దాటిన ఏడుపు లాంటివి జరిగితే ఆ తేదీ, గంట, ఎంతసేపు ఉందో కాగితం మీద రాసి మెడికల్ ఆఫీసర్‌కి చెప్పాలి. దాన్ని రిపోర్ట్ చేయడానికి వాళ్లకి పద్ధతి ఉంది. భయంకరంగా కనిపించినా, ఆ పాలిపోయి వేలాడే స్థితి నుంచి పిల్లలు కోలుకుంటారు. ఇవి జరిగినా చాలావరకు టీకాలు మొత్తంగా ఆగవు. ఎక్కడ, ఏ రకం, ఎవరి పర్యవేక్షణలో వేయాలన్నది మారుతుంది. పూర్తిగా ఆపేది రెండు సందర్భాల్లోనే: వెనకటి డోసుకి తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ఆ టీకాని, డోసు పడిన ఏడు రోజుల్లో వేరే కారణం లేకుండా మెదడుకి తీవ్రమైన జబ్బు చేస్తే కోరింత దగ్గు భాగాన్ని.

రెండోసారి జ్వరం వస్తుందా అంటే, రావచ్చు, రాకపోవచ్చు. మొదటిసారి వచ్చిన పిల్లల్లో రెండోసారి ఏమీ లేకుండా నిద్రపోయినవాళ్లని ఎందరినో చూశాను. మొదటిసారి 101 వచ్చిందన్నది రెండోసారి ప్రమాదానికి సూచన మాత్రం కాదు.

బుధవారానికి పాపకి జలుబు ఉన్నా, పల్చటి విరేచనం ఒకటి రెండు సార్లు అయినా ఆపకండి. ఆసుపత్రిలో చేర్చేంత జబ్బు ఉంటేనే వాయిదా. మొదటి డోసు నుంచి నాలుగు వారాలు నిండాలి, అంతకుముందు వేయరు. ఒక వారం ఆలస్యమైనా కొంప మునగదు, ఎక్కడ ఆగారో అక్కడి నుంచే కొనసాగిస్తారు, మళ్లీ మొదటి నుంచి వేయరు. కానీ పదో వారం సూది వెనక్కి జరిగితే పద్నాలుగో వారానిదీ వెనక్కి జరుగుతుంది. అత్తమ్మ గారికి గానీ, ఇంట్లో ఇంకెవరికైనా గానీ రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ముందు వాళ్లని డాక్టర్‌కి చూపించండి, అప్పటిదాకా పాపని ముద్దు పెట్టుకోవద్దని చెప్పండి.

వీలైతే అత్తమ్మ గారిని కూడా వెంట తీసుకెళ్లండి. మెడికల్ ఆఫీసర్ ఉంటే ఆవిడ అనుమానాలు నేరుగా అడగనివ్వండి, ఇంట్లో మీరిద్దరూ వాదించుకోవడం కన్నా అది మేలు. బుధవారం రద్దీగా ఉండి కుదరకపోతే శనివారం కూడా సెషన్ ఉంటుంది, ఆ రోజు వెళ్లండి.